ఎండకు ఊడని కుట్టు

మే నెల మధ్యాహ్నం విజయవాడ బీసెంట్ రోడ్డులో కాస్త దూరం నడిస్తే చాలు, చెప్పు చేసినవాడి పనితనం తెలిసిపోతుంది. అంటించిన చెప్పులో ముందుగా లొంగేది జిగురు. వేడికి అది మెత్తబడి, వేళ్ల దగ్గర అడుగు నోరు తెరుస్తుంది. పాత టైరు కోసి అడుగు వేసి, మైనం పూసిన దారంతో చుట్టూ కుట్టే పనివాడికి ఆ బెంగ లేదు. టైరు రబ్బరు రోడ్డు వేడికి మెత్తబడదు. బరువు మాత్రం ఎక్కువ, పైగా గట్టి. అందుకే పాదం కింద స్పాంజి పొర వేస్తాడు. మరీ మెత్తటిది వేస్తే మడమ కింద త్వరగా అణిగి గుంట పడుతుంది. బొటనవేలితో నొక్కి చూడండి, వెంటనే పైకి లేచే స్పాంజే దూరం నడిపిస్తుంది.

నాకు ముచ్చటేసేది పట్టీ పని. దాని కొసను అడుగు పొరల మధ్యకు దూర్చి కుట్టుతో బిగిస్తాడు, పక్కన అంటించి వదిలెయ్యడు. మడమ వెనక కూడా పట్టీ ఉంటే చెప్పు జారకుండా వేళ్లు ముడుచుకుని నడవక్కర్లేదు. కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పట్టీని మొదలు దగ్గర పట్టి గట్టిగా లాగండి. కుట్టు కదిలితే, ఎంత మెత్తగా ఉన్నా ఆ జత వద్దు.