ఒక్క శాతంతో మొదలు

ఆండ్రాయిడ్ యాప్ రిలీజులు చూసే ఇంజనీరు పనితనం నాకు ఎక్కువగా కనిపించేది, పంపడంలో కన్నా ఆపడంలో.

రెండు లక్షల మంది వాడే యాప్ అనుకుందాం. కోడ్‌కి ట్యాగ్ వేయగానే బిల్డ్ సర్వర్ ఖాళీ మెషీన్ మీద అంతా మొదటినుంచీ కట్టి, అప్‌లోడ్ కీతో సంతకం చేసి ప్లే కన్సోల్‌కి పంపుతుంది. ఎవరి ల్యాప్‌టాప్‌లోనో మిగిలిపోయిన ఫైలు అందులో చేరే వీలుండదు.

ఇంజనీరు versionCode 412ని ముందు ఒక్క శాతానికి, అంటే సుమారు 2,000 మందికే వదులుతుంది. మర్నాడు క్రాష్‌ల లెక్క చూస్తుంది. మొత్తం సగటు బాగానే ఉంది. ఆమె అక్కడితో ఆగదు, ఆండ్రాయిడ్ వెర్షన్ల వారీగా విడదీస్తుంది. పాత ఫోన్లలో కెమెరా తెరవగానే యాప్ మూతపడుతోంది! వెంటనే రోలౌట్ ఆపేస్తుంది.

ఆపితే కొత్తవాళ్లకు వెళ్లదంతే. 412 అందినవాళ్లకు 411 తిరిగి పంపడం కుదరదు, చిన్న నంబరును ఆండ్రాయిడ్ అప్‌డేట్‌గా తీసుకోదు. పాత కోడే అయినా 413గా కట్టి పంపాలి. ఆ దారిని ఆమె ముందే సిద్ధం చేసి ఉంచుతుంది.

ఇక కీల సంగతి. అప్‌లోడ్ కీ పోతే గూగుల్‌ని అడిగి మార్చుకోవచ్చు. ప్లే బయట సొంతంగా పంచే యాప్‌కి సైనింగ్ కీ పోతే మాత్రం సంతకం కలవక, పాతదాని మీద కొత్తది ఎక్కదు. అందుకే మంచి ఇంజనీరు కీ నకలు దాచి ఊరుకోదు, అప్పుడప్పుడూ ఆ నకలుతో నిజంగా ఒక బిల్డ్‌కి సంతకం చేసి చూస్తుంది. ఎవరూ అడగకపోయినా చేసే ఆ పరీక్షంటే నాకెంతో గౌరవం.