నేతిగిన్నె అందుకున్న మేనమామ

పోలవరంలో ఓ పెళ్లి. పిల్ల తండ్రి పోయి కొన్నేళ్లయింది. కన్యాదానానికి బాబాయి, పిన్ని పీటల మీద కూర్చున్నారు. ధార పోసింది బాబాయే అయినా, ప్రవరలో 'పుత్రీం' అన్నచోట పురోహితుడు పలికింది కన్నతండ్రి పేరే. బతికున్నవారికీ పోయినవారికీ అక్కడ మాట మారదు. పెళ్లికి ముందు చేసే నాందిలోనూ అంతే. పితృదేవతల్ని నాందీముఖులని పిలుస్తారు, నువ్వుల బదులు యవలు వాడతారు, జంధ్యం అపసవ్యం చెయ్యరు. శ్రాద్ధమే అయినా శుభకార్యంలా నడుస్తుంది. సాయంత్రం రిసెప్షన్‌లో మేనమామ మాట్లాడిన మూడు నిమిషాలు వింటే, ఆ పద్ధతి ఆయనకి ఒంటబట్టిందనిపించింది.

"మా బావ పెళ్లికెళ్తే పీటల దగ్గర దొరికేవాడు కాదండి, పంక్తిలో దొరికేవాడు. చేతిలో నేతిగిన్నె. చాలు బావా అని ఆకుమీద చెయ్యడ్డం పెడితే, వేళ్ల సందులోంచి పోసేవాడు."

పందిరంతా గొల్లుమంది. ఆ నెయ్యి తిన్నవాళ్లే సగంమంది. గుణగణాలు ఏకరువు పెట్టకుండా అందరూ కళ్లారా చూసిన ఒక్క పనిని ఎంచుకోవడంలోనే ఉంది ఆయన నేర్పు. మంచివాడు, దానశీలి అంటే జనం తలలూపి ఊరుకుంటారు. నెయ్యి పోసే చెయ్యి గుర్తొస్తే మనిషే కళ్లముందు తిరుగుతాడు. పైగా బావని ఆటపట్టించే హక్కు బావమరిదికి వరసతోనే వస్తుంది. ఇదే మాట బాబాయి అంటే అంత నవ్వు పుట్టేది కాదు.

'ఇవాళ ఆయనుంటే ఎంత సంతోషించేవాడో' అని మాత్రం ఆయన అనలేదు. సాధారణంగా ప్రసంగాలు చెడేది అక్కడే. ఆ మాట వినగానే అందరి చూపూ తల్లి మీదికి పోతుంది, ఆవిడ కొంగు కళ్లకి పోతుంది. ఏం చెప్పబోతున్నాడో ఆవిడకి ముందురోజే వినిపించాడట. అడగకుండా చేసే పొగడ్త కన్నా ఆ జాగ్రత్త నాకు గొప్పగా తోచింది.

తర్వాత పెళ్లికొడుకు వైపు తిరిగాడు. "అల్లుడుగారూ, ఈ పిల్లకీ ఆ చెయ్యే వచ్చింది. మీరు చాలన్నాక ఇంకో గరిటె పడుద్ది. అలవాటు చేసుకోండి. ఇవాళ గిన్నె నా చేతిలో ఉంది. పదండి, భోజనాలకి!"

తండ్రి గుణం కూతురికి చేరింది, కూతురి నుంచి కొత్త ఇంటికి సాగింది. జాలిపడటానికి ఎవరికీ సందు దొరకలేదు. సమయం కూడా చూసి ఎంచుకున్నాడు. ఇవే మాటలు అప్పగింతలప్పుడు అనుంటే ఏడుపులో కొట్టుకుపోయేవి. భోజనాలకి ముందు కాబట్టి, మాట అయిన వెంటనే చెయ్యడానికో పని ఉంది.

తండ్రి పోయి నెలలే అయిన ఇంట్లో ఇది కుదరదు. ఆయన్ని తలుచుకుని ఇంట్లోవాళ్లు నవ్వగలిగే రోజు ముందు రావాలి. అలాంటిచోట ప్రవరలో పేరు వినిపిస్తే చాలు.