ఊహించిన జవాబే అసలు జవాబు ఎందుకవుతుంది?

ఎర్త్ చేసిన లోహపు పలక ఒకటి అన్ని వైపులా అంతులేకుండా పరుచుకుని ఉందనుకుందాం. దానికి సెంటీమీటరు ఎత్తున ఒక్క బిందువులో 1 నానోకూలంబు ధనావేశం ఉంది. పలక పైనున్న చోటంతా పొటెన్షియల్ ఎంత?

నేరుగా లెక్కించబోతే దారి మూసుకుపోతుంది. ఆవేశం తన ఆకర్షణతో పలక మీదికి రుణావేశాన్ని రప్పిస్తుంది. అది ఎక్కడ ఎంత చేరిందో తెలియాలంటే విద్యుత్ క్షేత్రం తెలియాలి. క్షేత్రం తెలియాలంటే అది ఎక్కడ ఎంత చేరిందో తెలియాలి.

విలియం థామ్సన్, అంటే తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, 1840లలో ఈ చిక్కును పక్కదారిన దాటాడు. పలకను తీసేసి, దాని కింద అంతే లోతున, అంటే సెంటీమీటరు దిగువన, −1 నానోకూలంబు ఉందని ఊహించాలి. పలక ఉన్న తలంలో ఏ బిందువు తీసుకున్నా అది రెండు ఆవేశాలకూ సమాన దూరంలో ఉంటుంది. కాబట్టి అక్కడ పొటెన్షియల్ సున్నా. ఎర్త్ చేసిన పలక కోరేదీ అదే. ఆవేశం q, ఎత్తు d అయితే:

V = (q/4πε₀) [ 1/√(x²+y²+(z−d)²) − 1/√(x²+y²+(z+d)²) ]

ఇక్కడ శ్రద్ధగా చదివే విద్యార్థికి సందేహం రావాలి. పలక కింద నిజంగా ఏ ఆవేశమూ లేదు. లేనిదాన్ని కల్పించి తెచ్చిన జవాబు హద్దు దగ్గర కుదిరింది, సరే. మరి హద్దు దగ్గర ఇలాగే కుదిరి, లోపల వేరుగా ఉండే ఇంకో జవాబు ఉండకూడదా?

ఉండదని చెప్పేదే ఏకైకతా సిద్ధాంతం. ఒకవేళ అలాంటి జవాబులు రెండున్నాయనుకుని, ఒకదానిలోంచి మరొకదాన్ని తీసేద్దాం. అసలు ఆవేశం రెండింటిలోనూ ఒకటే కనుక తేడాలో అది మిగలదు. ఆ తేడా పలక పైనున్న ప్రదేశమంతటా లాప్లాస్ సమీకరణాన్ని పాటిస్తుంది. పలక మీద సున్నా, అనంత దూరంలోనూ సున్నా. లాప్లాస్ సమీకరణాన్ని పాటించే ప్రమేయానికి ఒక గుణం ఉంది: ఏ బిందువు దగ్గరైనా దాని విలువ, ఆ బిందువు చుట్టూ గీసిన గోళం మీది విలువల సగటుకు సమానం. చుట్టూ ఉన్నవాటన్నిటికంటే పెద్దదైన విలువ వాటి సగటు కాలేదు. అందువల్ల తేడాకు లోపల శిఖరం ఉండదు, గుంట కూడా ఉండదు. అత్యధికమూ అత్యల్పమూ హద్దుల్లోనే ఉండాలి. హద్దులన్నీ సున్నా కాబట్టి తేడా అంతటా సున్నాయే. రెండనుకున్న జవాబులూ ఒకటే.

అంటే జవాబు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఇక పనిలేదు. సరిచూడాల్సినవి మూడే: ప్రదేశం లోపల అసలు ఆవేశాలు తప్ప వేరేవి లేవు, లోహం మీద పొటెన్షియల్ చెప్పినంతే ఉంది, అనంత దూరంలో అది సున్నాకు చేరుతోంది.

ఈ హామీతో మిగతావన్నీ సులువుగా వస్తాయి. పలక దగ్గర క్షేత్రం తెలిసింది కాబట్టి, ఆవేశానికి సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి r దూరంలో పలక మీది ఆవేశ సాంద్రత −qd/2π(r²+d²)^(3/2). పలకంతా కూడితే సరిగ్గా −q. ఆవేశాన్ని పలక లాగే బలం, 2 సెంటీమీటర్ల దూరంలోని ప్రతిబింబం లాగే బలమే: సుమారు 2.25×10⁻⁵ న్యూటన్లు.

అయితే హామీ పలక పైభాగానికే. దీన్ని మరిచిపోతే శక్తి లెక్కలో దెబ్బతింటాం. రెండు నిజమైన ఆవేశాల మధ్య ఉండే శక్తిని ఇక్కడ రాసేస్తే రెట్టింపు వస్తుంది. ఊహాచిత్రంలో క్షేత్రం కింద కూడా ఉంది. నిజంలో పలక కింద క్షేత్రమే లేదు. కాబట్టి అందులో సగమే, సుమారు −2.25×10⁻⁷ జౌళ్లు, సరైన విలువ.

మొదటి షరతు తప్పితే ఊహే కూలిపోతుంది. రెండు ఎర్త్ పలకలు 90 డిగ్రీల మూలగా కలిస్తే మూడు ప్రతిబింబాలు చాలు. 60 డిగ్రీలైతే ఐదు. 120 డిగ్రీల మూలలో, మొదటి పలక నుంచి 30 డిగ్రీల దగ్గర ఆవేశాన్ని పెట్టి చూడండి. మొదటి పలకలో దాని ప్రతిబింబం −30 డిగ్రీల దగ్గర పడుతుంది. రెండో పలక సున్నా కావాలంటే దానికో ప్రతిబింబం 270 దగ్గర కావాలి. దాన్ని మళ్లీ మొదటి పలకలో ప్రతిబింబిస్తే 90 డిగ్రీల దగ్గర, అంటే 0కీ 120కీ మధ్యనున్న అసలు ప్రదేశంలోనే, లేని రుణావేశం ఒకటి వచ్చి కూర్చుంటుంది. పలకల మీద సున్నా వచ్చినా అది వేరే సమస్యకు జవాబు, మనదానికి కాదు.

ఆ 120 డిగ్రీల మూలకు కూడా జవాబు ఉంది, అదీ ఒక్కటే. దాన్ని వేరే పద్ధతిలో రాబట్టాలి. జవాబు రెండు రకాలుగా ఉండదని సిద్ధాంతం భరోసా ఇస్తుందే తప్ప, ప్రతి సమస్యకూ ప్రతిబింబాలు దొరుకుతాయని మాటివ్వదు. అందుకే ఊహించాక మొదట చూడాల్సింది, కల్పించిన ప్రతి ఆవేశం ఎక్కడ పడిందన్నదే.