లేటైంది రా, సారీ

పెళ్లి రిసెప్షన్‌లో స్నేహితుడు మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పడం మనకు కొత్తగా వచ్చిన అలవాటు. ఇంగ్లండు పెళ్లిళ్లలో ముందు పెళ్లికూతురి తండ్రి, తరవాత పెళ్లికొడుకు మాట్లాడతారు. ఆ పైన పెళ్లికొడుకు ప్రాణస్నేహితుడి వంతు. అతను నవ్విస్తాడని హాలంతా కాచుకుని ఉంటుంది. మన తోడి పెళ్లికొడుకు చాలాసార్లు చిన్నపిల్లాడే, ముహూర్తం దాకా నిద్ర ఆపుకోగలిగితే వాడు తన పని చేసినట్టే. మన స్నేహితులు చెప్పదలుచుకున్నది ఒకప్పుడు పద్యాలుగా రాయించి, రంగుకాగితం మీద అచ్చేయించి, పందిట్లో పంచేవారు. ఇప్పుడు డాలస్ హోటళ్లలోనూ, హైదరాబాద్ కన్వెన్షన్ హాళ్లలోనూ డీజే పేరు పిలిచి మైకు చేతిలో పెడుతున్నాడు. పద్యమైతే ఎవరో రాసిచ్చేవారు. ఈ మాటలు మాత్రం ఎవరివి వాళ్లే రాసుకోవాలి.

మా అక్క కొడుకుకి ఈ మధ్య ఆ వంతు వచ్చింది. పెళ్లికొడుకు గుంటూరులో వాడితో ఇంజినీరింగ్ చదివినవాడు. ఇప్పుడు ఇద్దరూ డాలస్‌లోనే ఉద్యోగాలు చేస్తున్నారు. పెళ్లికూతురు అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. "పిన్నీ, కాస్త చూడవా, మరీ జోకుల్లా ఉంది, స్పీచిలా లేదు" అని ఫోన్‌లో రాసుకున్నది యథాతథంగా పంపాడు. వాడి మాట నిజమే. పదకొండు జోకులున్నాయి. ప్రతిదీ "ఇంకోసారి ఏమైందంటే" అని మొదలవుతుంది. పదకొండూ అయ్యాక ఒక గీత గీసి, దాని కింద "జోకులు పక్కన పెడితే, మావాడి మనసు బంగారం, ఆ అమ్మాయి చాలా అదృష్టవంతురాలు, చీర్స్" అని ముగించాడు.

ఇలాంటి చిత్తుప్రతుల్లో ముందు నాకు కనబడేది ఆ గీతే. "జోకులు పక్కన పెడితే" అనగానే, ఇప్పటిదాకా చెప్పిందంతా ఉత్తదేనని, అసలు మాట ఇప్పుడు మొదలవుతుందని వినేవాళ్లకి మనమే చెప్పేసినట్టవుతుంది. తీరా ఆ అసలు మాట ఏ పెళ్లికొడుక్కైనా సరిపోయే బంగారం మనసు. నవ్వు ఒక మనిషిదీ ఆప్యాయత ఇంకో మనిషిదీ అయిపోతాయి. కాబట్టి ఆప్యాయత కోసం కొత్తగా రాయాల్సిందేమీ లేదు, ఉన్న జోకుల్లోనే వెతకాలి.

వెతికే ముందు కొన్ని తీసేయాలి. దానికి నేను వాడే పద్ధతి ఒకటే: ఈ మాట వినేటప్పుడు హాల్లో ఎవరి ముఖం మారుతుంది? గోవా జోకు పోయింది, మొదటి వరసలో అమ్మమ్మగారుంటారు. సెకండియర్‌లో వెంటపడిన అమ్మాయి జోకు పోయింది, కారణం చెప్పక్కర్లేదు. మ్యాథ్స్ బ్యాక్‌లాగ్‌ల జోకు వాడికి ప్రాణం. కానీ ఆ బ్యాక్‌లాగ్‌ల సంగతి పెళ్లికొడుకు తండ్రికి ఈనాటికీ తెలియదట. ఆయనకి అది తెలియాల్సిన చోటు కొత్త వియ్యంకుడి పక్క కుర్చీ కాదు. కెటిల్‌లో మ్యాగీ మాడ్చిన కథ చేటు చేసేది కాదు గానీ, దానికి హాస్టల్ గది, వార్డెన్, కాలిన ప్లగ్గు, ఇవన్నీ ముందు వివరించాలి. వివరణ నవ్వుకన్నా పొడుగైతే ఆ జోకు ఆ గదిలో ఉన్నవాళ్లకే.

మిగిలినవి ఏడు. వాటిలో మూడు ఒకే విషయం మీద: వాడెప్పుడూ లేటు. ల్యాబ్ పరీక్షకి లేటు, వాళ్ల అక్క నిశ్చితార్థానికి లేటు, డాలస్ ఎయిర్‌పోర్టుకి మా వాణ్ణి దించడానికి వచ్చి ఆ ఫ్లయిటు పోగొట్టాడు. ఒకే మాట మూడుసార్లు వచ్చిందంటే స్పీచి అక్కడుందన్నమాట. ఫోన్ చేసి ఒక్కొక్కదానికీ ఒకే ప్రశ్న అడిగాను: "ఎందుకు లేటు?"

జోకుకి కారణంతో పని లేదు. మనిషి ఆలస్యంగా వచ్చాడు, అందరూ నవ్వారు, అక్కడితో సరి. ఆప్యాయత ఉండేది కారణంలో. ల్యాబ్ పరీక్ష రోజు జూనియర్ ఎవరో హాల్ టికెట్ మర్చిపోతే బండి మీద తీసుకెళ్లి తెచ్చిచ్చాడట. ఎయిర్‌పోర్టు రోజు మాత్రం నిద్రపోయాడు, అంతే. (అది అలాగే ఉండనివ్వమన్నాను. అన్నీ మంచి కారణాలైతే ఎవరూ నమ్మరు.) ఆ తరవాత మా వాడు కాస్త ఆగి, "నాన్న ఆపరేషన్ రోజు కూడా లేటే పిన్నీ" అన్నాడు. అది పదకొండింట్లో లేదు. ఎందుకు రాయలేదంటే, "అది జోకు కాదు కదా" అన్నాడు.

మా బావగారికి గుంటూరులో బైపాస్. రక్తం ఇవ్వడానికి మనుషుల్ని చూసుకోమన్నారు. ఆయనది ఓ నెగటివ్, ఆ గ్రూపువాళ్లు ఊరికే దొరకరు. పొద్దున ఎనిమిదింటికి వస్తానన్న స్నేహితుడు పదకొండున్నరకి వచ్చాడు. వెనక సీటు మీద ఎవరో తెలియని మనిషి. ఫోన్ల మీద ఫోన్లు చేసి ఆ గ్రూపు మనిషి తెనాలిలో ఉన్నాడని పట్టుకుని, పాతిక కిలోమీటర్లు వెళ్లి బండి మీద ఎక్కించుకొచ్చాడు. వచ్చి అన్నది మాత్రం రోజూ అనేదే: "లేటైంది రా, సారీ."

ఇక రాయడం తేలికైంది. ఆ మాటే స్పీచికి కీలు. మొదటిసారి విన్నప్పుడు నవ్వు రావాలి, రెండోసారి అదే మాటకి గొంతు పూడుకుపోవాలి. మధ్యలో గీత గానీ "సీరియస్‌గా చెప్పాలంటే" గానీ అక్కర్లేదు, మాట మారకుండా అర్థం మారితే చాలు.

రెండు చిక్కులు మిగిలాయి. ఒకటి పెళ్లికూతురు. చిత్తుప్రతిలో ఆమె గురించి ఉన్నది "అదృష్టవంతురాలు" అన్న మాట ఒక్కటే. పొగిడే విశేషణాలు వద్దు, నువ్వు కళ్లారా చూసింది ఒకటి చెప్పమన్నాను. ఇర్వింగ్‌లో ఒక చాయ్ దుకాణంలో ముగ్గురూ మొదటిసారి కలిసినప్పటిది చెప్పాడు. అది దొరకకపోయి ఉంటే స్పీచి ఆమె దగ్గర కుంటేది.

రెండోది మన భాషకే ఉన్న చిక్కు. స్నేహితుణ్ణి "వాడు" అనకపోతే మా వాడి నోట మాట రాదు. కానీ ఎదురుగా అత్తమామలు కూర్చుంటారు, వాళ్లకి అతను అల్లుడుగారు. "ఆయన" అంటే స్నేహితుడు కాస్తా మేనేజరైపోతాడు. అందుకని మొదట్లోనే అనుమతి అడిగించాను, మొదటి నవ్వు కూడా అక్కడే పుట్టింది.

మార్చి రాశాక ఇలా వచ్చింది:

"అందరికీ నమస్కారం. పెళ్లికొడుకు నాకు పన్నెండేళ్లుగా స్నేహితుడు. అత్తయ్యగారూ, మామయ్యగారూ, మీ అల్లుడుగారిని ఈ మూడు నిమిషాలూ 'వాడు' అంటాను, క్షమించాలి. మైకు ఇచ్చేశాక 'గారు' పెట్టేస్తాను.

వాడితో పరిచయం ఉన్న అందరికీ ఒక వాక్యం తెలుసు: 'లేటైంది రా, సారీ.' ల్యాబ్ పరీక్షకి లేటు. సొంత అక్క నిశ్చితార్థానికి లేటు. నన్ను ఎయిర్‌పోర్టులో దించడానికి వచ్చినప్పుడు ఎంత లేటంటే, దించకుండానే వెనక్కి తీసుకొచ్చాడు. ఇవాళ పొద్దున ముహూర్తానికి సరిగ్గా వచ్చాడు. పంతులుగారికి నా ప్రత్యేక ధన్యవాదాలు.

మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగిన రోజు కూడా వాడు లేటే. ఎనిమిదింటికి వస్తానన్నాడు. తొమ్మిదైంది, పదైంది. పదకొండున్నరకి వచ్చాడు. బండి వెనక ఒకాయన ఉన్నారు. నాన్నగారి గ్రూపు రక్తం గుంటూరులో దొరకదేమోనని తెనాలి వెళ్లి ఆయన్ని తీసుకొచ్చాడు. వచ్చి నాతో ఏమన్నాడో మీకు తెలుసు. లేటైంది రా, సారీ.

నాన్నగారు అదిగో, రెండో టేబుల్ దగ్గర కూర్చున్నారు.

మా చెల్లెమ్మని మొదటిసారి ఒక చాయ్ దుకాణంలో కలిశాను. మేమిద్దరం టైముకి వచ్చాం, వాడు రాలేదు. టీ చెప్పనా అన్నాను. 'ఇంకో పావుగంట ఆగుదాం అన్నయ్యా, ఇప్పుడే చెబితే తను వచ్చేసరికి చల్లారిపోతుంది' అంది. కోపం లేదు, ఫిర్యాదు లేదు. లెక్క ఉంది. పన్నెండేళ్లలో నాకు తట్టని లెక్క.

వాడు దారిలో ఎవరి కోసమో ఆగుతూనే ఉంటాడు చెల్లెమ్మా. నువ్వు టీ ఎప్పుడు చెప్పాలో నీకు తెలుసు. అందరూ గ్లాసులు ఎత్తండి. వీళ్లిద్దరి కోసం."

చదివితే చిన్నగా ఉందని మా వాడికి బెంగ పట్టుకుంది. పైకి చదివి టైము చూసుకోమన్నాను. తెలుగు మాటలు పొడుగు, ఒక్కోసారి ఒక మాటలోనే మూడు ఇంగ్లీషు మాటలంత సామాను ఉంటుంది. హాల్లో నెమ్మదిగా చెబితే నిమిషానికి తొంభై, వందకి మించి నడవవు. నవ్వులకీ ఆగాలి. ఇది రెండు నిమిషాల్లో అయిపోవాలి, చెప్పేటప్పుడు మూడవుతుంది. నాలుగో నిమిషంలో బఫే మూతలు తెరుచుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది, ఆ చప్పుడుతో ఎవరూ పోటీ పడలేరు.

ఆగాల్సిన చోట్లు పెన్నుతో గుర్తు పెట్టించాను. "నాన్నగారు అదిగో" అన్న వాక్యం తరవాత అందరూ ఆయన వైపు తిరుగుతారు. తిరిగి ముందుకు చూసేదాకా నోరు విప్పకూడదు. కొత్తవాళ్లు సరిగ్గా ఇక్కడే భయపడి తరవాతి వాక్యంలోకి దూకేస్తారు. ఆ వాక్యం వాడొచ్చా అని బావగారిని ముందే అడగమన్నాను, తన జబ్బు గురించి మూడు వందల మందికి చెప్పడం ఆయనకి ఇష్టమో కాదో మనకెలా తెలుస్తుంది. ఆయన ఒప్పుకున్నారు గానీ, రెండో టేబుల్ కాదు, మొదటి టేబుల్ కావాలన్నారట.

ఆఫీసు స్నేహితులు, తెలుగు రానివాళ్లు, ఒక టేబుల్ నిండా ఉంటారు. మొత్తం రెండు భాషల్లో చెబితే ప్రతి నవ్వూ రెండుసార్లు చస్తుంది. "లేటైంది రా, సారీ"కి మాత్రం మొదటిసారి ఇంగ్లీషులో అర్థం చెప్పి, తెనాలి కథ రెండు ముక్కల్లో అనమన్నాను. మిగతాది పక్కనున్నవాళ్లు చెబుతారు.

ఫోన్‌లో చూసి చదవొద్దు, కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసుకో అన్నాను. సరిగ్గా చదివే వేళకే ఎవరో ఫోన్ చేస్తారు. ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో కాగితం ఉంటే గ్లాసు ఎత్తడానికి చెయ్యి ఉండదు, కాబట్టి చివరి రెండు వాక్యాలూ కంఠతా రావాలి, కాగితం జేబులో పెట్టేసేలా.

అన్నిటికీ సరే అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, "బ్యాక్‌లాగ్‌లది ఒక్కటి ఉంచకూడదా పిన్నీ, చాలా బాగుంటుంది" అన్నాడు.

"బాగుంటుంది నాన్నా. భోజనాలయ్యాక, పెద్దవాళ్లు గదులకి వెళ్లాక, మీరు మీరు చెప్పుకోండి" అన్నాను.