మార్చి పొంగు

"అన్నా, మార్చిలో మా కంపెనీ రాబడి రెట్టింపు దాటింది" అన్నాడు మా కుర్రాడొకడు.

"మరి ఏప్రిల్‌లో?"

"అరవై శాతం పడిపోయింది. అందుకే నీ దగ్గరికి వచ్చా."

మే మొదటి వారం. ఎండన పడి వచ్చినవాడికి మజ్జిగ ఇచ్చి, ల్యాప్‌టాప్ తెరవమన్నాను. కూకట్‌పల్లిలో నలుగురితో నడిచే చిన్న సంస్థ అతనిది. మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాడు. స్టాకు, మందుల ఎక్స్‌పైరీ తేదీలు, బిల్లులు అన్నీ అందులోనే. నల్గొండ, సూర్యాపేట, కోదాడ వైపు షాపులు ఎక్కువ.

"ఏప్రిల్‌లో ఎవరెవరు మానేశారు?" అని అడిగాను.

"ఎవరూ మానలేదు."

లెక్క ఎక్కడ తప్పిందో ఆ మాటతోనే తెలిసిపోయింది. ఒక్క షాపూ పోకుండా రాబడి అరవై శాతం పడిపోదు. అయినా షీట్ చూశాను, ఎందుకంటే తప్పు ఎంత లోతుకు దిగిందో షీటే చెప్పాలి.

అతని ధరలు రెండే. నెలనెలా కడితే 1,000 రూపాయలు. ఏడాదికి ఒకేసారి కడితే 9,600. రెండూ జీఎస్టీ కాక. ఫిబ్రవరి చివరికి 300 షాపులు, అందరూ నెలవారీవాళ్లే. కాబట్టి ఫిబ్రవరి ఎంఆర్ఆర్, అంటే మంత్లీ రికరింగ్ రెవెన్యూ, 3,00,000. ఇంతవరకూ పేచీ లేదు. మార్చి ఒకటిన ఏడాది ప్లాన్ మీద ఆఫర్ పెట్టాడు. 50 షాపులు తీసుకున్నాయి. ఆ 50లో 30 కొత్తవి, 20 మాత్రం అప్పటికే నెలనెలా కడుతున్నవి, తగ్గింపు చూసి ఇటు మారినవి.

అతని షీట్ ఆ నెల వచ్చిన డబ్బును కూడింది. మిగిలిన 280 నెలవారీ షాపుల నుంచి 2,80,000, ఏడాదివాళ్ల నుంచి 4,80,000, మొత్తం 7,60,000. ఏప్రిల్‌లో కొత్త అమ్మకాలు లేవు, ఏడాదివాళ్లు మళ్లీ కట్టేది లేదు. మిగిలింది 2,80,000. ఫిబ్రవరి కంటే ముప్పై షాపులు ఎక్కువున్నాయి, రాబడి మాత్రం ఫిబ్రవరి కంటే ఇరవై వేలు తక్కువ చూపిస్తోంది. మార్చి పొంగు అబద్ధమే, ఏప్రిల్ లోటూ అబద్ధమే. మొదటి అబద్ధాన్ని నమ్మి ఇద్దరు కుర్రాళ్లను ఉద్యోగంలో పెట్టుకున్నాడు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు నలభై వేలు. రెండో అబద్ధాన్ని నమ్మి ఇప్పుడు వాళ్లను తీసేద్దామా అని ఆలోచిస్తున్నాడు.

ఎంఆర్ఆర్ అంటే ఆ నెల బ్యాంకులో పడ్డ డబ్బు కాదు. ఈ రోజున సేవ అందుకుంటున్న షాపులన్నీ ఇలాగే కొనసాగితే ఒక్క నెల సేవ ఖరీదు మొత్తం ఎంతవుతుందో చెప్పే అంకె అది. నెల చివరి రోజున నిలబడి తీసే ఫొటో లాంటిది. ఇరవై ఐదో తేదీన చేరిన షాపు కూడా ఆ ఫొటోలో పూర్తి నెల ఖరీదుతోనే పడుతుంది. అందుకే ఏడాది ప్లాన్‌ను అది ఎన్ని నెలల సేవకు కట్టిన డబ్బో అన్ని నెలలతో భాగించాలి. 9,600ను పన్నెండుతో భాగిస్తే 800. తర్వాతి ఏడాది ఫిబ్రవరి ఆఖరు వరకూ ఆ షాపు ప్రతి నెలా 800గానే కనబడాలి. సంక్రాంతికి గాదె నింపుకున్న ఇంట్లో, ఆ నెలంతా రోజుకో బస్తా వండుకున్నామని ఎవరూ చెప్పరు కదా.

ఇప్పుడు మార్చిని మళ్లీ కడదాం. నెలవారీ షాపులు 280, వెయ్యి చొప్పున 2,80,000. ఏడాదివి 50, ఎనిమిది వందల చొప్పున 40,000. మొత్తం 3,20,000. ఫిబ్రవరి నుంచి మార్చికి పెరిగింది ఇరవై వేలు. ఈ ఇరవై వేలనూ విడదీసి చూస్తే అతనికి అసలు సంగతి తెలిసింది. ముప్పై కొత్త షాపులు తెచ్చింది 24,000. పాతవాళ్లు ఇరవై మంది ఏడాది ప్లాన్‌కు మారడంతో ఒక్కొక్కరి దగ్గర 200 తగ్గి, 4,000 పోయింది. అతని దృష్టిలో ఆ ఇరవై మందీ మార్చి విజయాలు. ముందే డబ్బు కట్టారు, ఏడాదిపాటు నిలుస్తారు, అది లాభమే, కాదనను. కానీ నెల రాబడి లెక్కలో వాళ్లు కాస్త తగ్గినవాళ్లు. దాన్ని కొత్త అమ్మకాల్లో కలిపేయకుండా, తగ్గుదల అనే వేరే వరుసలో చూపించాలి. ఏప్రిల్‌లో ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. కనుక ఏప్రిల్ ఎంఆర్ఆర్ కూడా 3,20,000.

అంటే పెరిగిన నెల రాబడి ఇరవై వేలు, పెరిగిన జీతాలు నలభై వేలు. అతను మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి కాసేపు మాట్లాడలేదు.

"మరి నా దగ్గరున్న డబ్బు?" అన్నాడు తర్వాత. న్యాయమైన ప్రశ్నే. ఆ 50 షాపుల నుంచి చేతికొచ్చింది 5,66,400. అందులో 86,400 జీఎస్టీ. ఇక్కడొక తిరకాసు ఉంది, చాలామంది దీన్ని గమనించరు. రాబడిని మనం పన్నెండు నెలలకు పరుస్తాం గానీ, ప్రభుత్వం పన్నును అలా పరచదు. ఏడాది మొత్తానికి ఇన్వాయిస్ ఇచ్చి డబ్బు తీసుకున్నాక ఏడాది మొత్తం పన్నూ అప్పుడే చూపాలి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లయితే తర్వాతి నెల ఇరవైకల్లా కట్టాలి. కాబట్టి అది మొదటినుంచీ అతని డబ్బు కాదు.

మిగిలిన 4,80,000లో మార్చి చివరికి అతను సంపాదించింది 40,000. తక్కిన 4,40,000 పుస్తకాల్లో అప్పుల వైపు కూర్చుంటుంది. దాన్ని డిఫర్డ్ రెవెన్యూ అంటారు. ఎవరికో రొక్కం బాకీ ఉన్నట్టు కాదు, పదకొండు నెలల సేవ బాకీ ఉన్నట్టు. నెల గడిచేకొద్దీ నలభై వేలు అప్పుల వైపు నుంచి రాబడి వైపు జరుగుతాయి. జూన్ ఆఖరుకు కూడా 3,20,000 బాకీ మిగిలే ఉంటుంది. ఆలోపు డబ్బంతా జీతాలకూ సర్వర్ అద్దెకూ అయిపోతే, మిగిలిన ఎనిమిది నెలలు ఆ 50 షాపుల ఫోన్లు ఎత్తడానికి డబ్బు వేరే ఎక్కడినుంచో తేవాలి. పుస్తకాల రాబడిని కచ్చితంగా కట్టేవాళ్లు రోజుల చొప్పున పంచుతారు, మార్చికి 31 రోజులు, ఫిబ్రవరికి 28. ఎంఆర్ఆర్‌కు అంత పట్టింపు లేదు, సమానంగా పన్నెండు వాటాలే. ఆ రెండింటికీ మధ్య కొద్ది తేడా వస్తే కంగారు పడొద్దని చెప్పాను.

ఈ పరచడం పెద్ద కంపెనీలనూ ఇబ్బంది పెట్టింది. అడోబీ 2013లో తన డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లను ఇకపై చందా మీదే ఇస్తానని ప్రకటించింది. అంతకుముందు ఒక పెట్టె అమ్మితే దాని ధర దాదాపుగా అప్పుడే రాబడి అయ్యేది. చందాలో అదే ఖాతాదారు నెలనెలా కొంచెం కొంచెంగా వస్తాడు. ఆ మార్పులో వార్షిక రాబడి 2012లో సుమారు 440 కోట్ల డాలర్లు ఉన్నది 2013లో 405 కోట్లకు తగ్గింది. చందాదారులు పెరుగుతున్న కాలంలోనే ఇది జరిగింది. అందుకే ఆ కంపెనీ పుస్తకాల రాబడితోపాటు చందాల వార్షిక విలువనూ విడిగా చూపుతూ వచ్చింది.

మళ్లీ మా కుర్రాడి షీట్‌కు వద్దాం. ప్రతి చందాకూ ఒక వరుస పెట్టించాను. B గడిలో మొదలైన తేదీ, C లో ముగిసే తేదీ, D లో జీఎస్టీ లేని ధర, E లో ఎన్ని నెలల సేవ, F లో `=D2/E2`. నెలవారీ షాపు డబ్బు కట్టినప్పుడల్లా C తేదీని ముందుకు జరపాలి. ప్లాన్ మారితే పాత వరుసను మూసి కొత్తది తెరవాలి. నెల చివరి తేదీ H1 లో వేస్తే ఆ నాటి ఎంఆర్ఆర్ ఇదే:

```
=SUMIFS(F:F, B:B, "<="&H1, C:C, ">="&H1)
```

E గడి దగ్గర ఒక పేచీ వచ్చింది. ఆఫర్లో కొందరికి "రెండు నెలలు ఉచితం" అంటే ఎలా అని అడిగాడు. ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. పది నెలల డబ్బు తీసుకుని ఏడాది సేవ ఇస్తే 10,000 భాగారం 12, అంటే 833. ఏడాది డబ్బు తీసుకుని పద్నాలుగు నెలలు ఇస్తే 12,000 భాగారం 14, అంటే 857. భాగించాల్సింది సేవ ఇచ్చే నెలలతో, డబ్బు తీసుకున్న నెలలతో కాదు. సాఫ్ట్‌వేర్ ఎక్కించినందుకు ఒక్కసారి తీసుకునే ఛార్జీ, అమ్మిన ప్రింటరు, ఎస్సెమ్మెస్ ప్యాకులు ఈ షీట్‌లోకే రాకూడదు. అవి డబ్బే, కానీ వచ్చే నెల మళ్లీ వస్తాయని ఎవరూ మాటివ్వలేదు.

తప్పు దొర్లిందో లేదో పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి చాలా మోటైనది. మొత్తాన్ని షాపుల సంఖ్యతో భాగిస్తాను. అతని మార్చి అంకెను 330తో భాగిస్తే 2,303 వచ్చింది. అతని దగ్గర అత్యధిక ధరే వెయ్యి. సగటు అంతకు మించిందంటే ఏడాది డబ్బు ఎక్కడో ముద్దగా దూరిందన్నమాటే. సరైన అంకెతో సగటు 970, ఎనిమిది వందలకూ వెయ్యికీ మధ్య. ఈ పద్ధతి ఏప్రిల్ తప్పును పట్టలేదు. 2,80,000ను 330తో భాగిస్తే 848 వస్తుంది, చూడ్డానికి పెద్దమనిషిలాగే ఉంటుంది. దానికి నేను మొదట వేసిన ప్రశ్నే మందు. ఒక నెలకూ మరో నెలకూ మధ్య మారిన ప్రతి రూపాయికీ ఒక షాపు పేరు చెప్పగలగాలి.

ఏడాది ప్లాన్లు ఇంకో చోట కూడా కళ్లకు గంతలు కడతాయి. ఆ 50 షాపులూ ఫిబ్రవరి వరకూ పోయినా పోయినట్టు కనబడవు. మే నెలలో ఏడు నెలవారీ షాపులు మానేశాయనుకోండి, 330లో ఏడు అంటే రెండు శాతం పైచిలుకు. కానీ ఆ నెల మానేసే వీలున్నవి 280 మాత్రమే, వాటిలో ఏడంటే రెండున్నర శాతం. ఏడాదివాళ్ల సంగతి తెలియాలంటే వాళ్లు రోజూ బిల్లులు కొడుతున్నారా లేదా చూడాలి. నాలుగు వారాలుగా లాగిన్ కాని షాపు డబ్బు కట్టేసినా సగం పోయినట్టే.

ఇద్దరు కుర్రాళ్లలో ఒకణ్ని ఉంచుకున్నాడు, రెండోవాడు తనే వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఆగస్టు చివర్లో మా కుర్రాడు ఫోన్ చేశాడు. కోదాడలో ఏడాది ప్లాన్ తీసుకున్న ఒక షాపు మూతపడింది, మిగిలిన ఆరు నెలల డబ్బు 4,800 వెనక్కి అడుగుతున్నారట. "ఇస్తే ఏం రాయాలి, ఇవ్వకపోతే ఏం రాయాలి?"

ఇవ్వకపోతే వచ్చే ఫిబ్రవరి ఆఖరు దాకా 800 అలాగే ఉంచి, పక్కన పెన్సిల్ గుర్తు పెట్టుకో, ఇస్తే C గడిలో ఆగస్టు 31 తేదీ వెయ్యి అన్నాను. ఆ షాపాయనకు బాగా తెలిసిన షాపులవాళ్లు ఇంకో ముగ్గురున్నారట. ఇచ్చేశాడు. సెప్టెంబరు షీట్‌లో 800 తగ్గింది, పక్కన కోదాడ షాపు పేరుంది.