తాత్పర్యం పక్కన మూలం

భగవద్గీత రెండో అధ్యాయం 47వ శ్లోకానికి తెలుగువాళ్ల నోట బాగా నలిగిన అర్థం ‘పని చెయ్యి, ఫలితం ఆశించకు’ అన్నది. సంస్కృత శ్లోకంలో ‘ఆశించు’ అనే అర్థమిచ్చే మాట ఒక్కటీ లేదు. మరి అది తెలుగులోకి ఎక్కడినుంచి వచ్చింది, రావడం తప్పా ఒప్పా అని తేల్చడమే మూలంతో సరిచూడడం. సంస్కృతం కొత్తగా చదువుకుంటున్న మనవడికి ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు రాసిన ఉత్తరం ఈ ఒక్క శ్లోకాన్నే తీసుకుని ఆ పనిని మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తుంది.

ఉత్తరంలో మొదటి సూచన ఇది: ‘తాత్పర్యం మీద అట్టముక్క పెట్టి మూసెయ్యి నాన్నా. శ్లోకం నీకు విడిపడ్డాకే అట్ట తియ్యి.’ తెలుగు ముందు చదివితే సంస్కృతంలో కూడా అదే కనిపిస్తుంది. ఉన్నమాటకీ ఊహించుకున్నమాటకీ తేడా తెలియదు. అందుకని ముందు సంధులు విడదీసి పదాలన్నీ ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోవాలి. ఒక్కో పదం కింద విభక్తి, వచనం, క్రియ అయితే పురుష రాయాలి. ఈ దశలో అర్థం జోలికి పోకూడదు.

ఈ శ్లోకంలో కొత్తవాళ్లు తడబడే మాట ‘భూః’. చూడగానే భూమి అనిపిస్తుంది, నిఘంటువు కూడా ఆ అర్థం చూపిస్తుంది. కానీ ఇక్కడ అది క్రియ. ‘అభూః’ అంటే ‘నువ్వు అయ్యావు’ అనే భూతకాల రూపం. వద్దని చెప్పే ‘మా’ పక్కన చేరినప్పుడు ముందున్న అకారం పోతుంది, భూతకాలం అర్థం కూడా పోతుంది, ‘కావద్దు’ అన్న నిషేధం మిగులుతుంది. పాణిని దీనికి సూత్రాలు చేశాడు. క్రియ మధ్యమ పురుషలో ఉంది కాబట్టి కర్త ‘నువ్వు’. అంటే మూడో పాదం అర్జునుణ్ణి నేరుగా ‘నువ్వు ఫలానాది కావద్దు’ అంటోంది.

మొదటి రెండు పాదాల్లో అసలు క్రియే లేదు. చదివేవాళ్లే పూరించుకోవాలి. మొదటి పాదానికి ‘ఉంది’ సరిపోతుంది. రెండో పాదంలో ‘న’ కాకుండా ‘మా’ ఉంది కాబట్టి అక్కడ ‘లేదు’ అనడం కంటే ‘ఉండకుండు గాక’ అనడం మూలానికి దగ్గర. అచ్చైన తాత్పర్యాలు చాలావరకు రెండుచోట్లా ఒకే ధోరణిలో ‘ఉంది, లేదు’ అని ముగిస్తాయి. ఆజ్ఞగా ఉన్న మాట అక్కడ సమాచారంగా మారిపోతుంది. చిన్న తేడాగా కనిపించినా, శ్లోకం స్వరమంతా దీనిమీదే నిలిచి ఉంది.

ఉత్తరం ఎక్కువసేపు ఆగింది ‘కర్మఫలహేతుః’ అనే సమాసం దగ్గర. దీన్ని ముగ్గురు వ్యాఖ్యాతలు మూడు విధాలుగా విడదీశారు. శంకరులు ‘కర్మఫలానికి హేతువు’ అని తత్పురుషంగా తీసుకున్నారు. ఫలం మీద తృష్ణ ఉన్నవాడే ఆ ఫలం రావడానికి కారణమవుతాడు, నువ్వు అలా కావద్దు అన్నది ఆయన వివరణ. రామానుజులు కర్మ, ఫలం రెంటినీ విడిగా నిలిపి ‘కర్మకూ ఫలానికీ హేతువు’ అన్నారు. చేస్తున్నది నేనే అన్న భావాన్ని కూడా వదులుకోవాలన్న సిద్ధాంతం ఆ విభజన నుంచే వస్తుంది. శ్రీధరస్వామి బహువ్రీహి చేసి ‘కర్మఫలమే ప్రేరణగా గలవాడు’ అన్నారు. మూడూ వ్యాకరణానికి ఒప్పేవే. కాబట్టి ఇక్కడ అనువాదాన్ని తప్పని కొట్టేయడానికి తొందరపడకూడదు. ముందు అది ఎవరి దారిలో నడిచిందో కనుక్కోవాలి. మూడో పాదానికి రామానుజుల దారి, రెండో పాదానికి శంకరుల దారి పట్టి, ఆ సంగతి చెప్పకుండా కలిపేసిన తాత్పర్యం కనిపిస్తే అప్పుడు మార్జిన్‌లో గీత పెట్టవచ్చు.

‘ఆశించకు’ అన్న మాట ఊరూ పేరూ ఇప్పుడు దొరుకుతుంది. శంకరులు రెండో పాదాన్ని వివరిస్తూ, ఏ పరిస్థితిలోనూ కర్మఫలం మీద తృష్ణ ఉండకూడదని రాశారు. తెలుగు తాత్పర్యం ఆ తృష్ణనే ఆశగా చెబుతోంది. అది భాష్యానికి నమ్మకమైన తెలుగే, కాకపోతే శ్లోకానికి కాదు. భాష్యం నుంచి తెచ్చిన మాటని బ్రాకెట్లలో పెడితే పాఠకుడికి ఏది వ్యాసుడిదో ఏది వ్యాఖ్యాతదో తెలుస్తుంది. సరిచూసేవాళ్లు అడగాల్సింది ఆ మాత్రమే.

తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు తత్సమాలతో. సంస్కృత పదం అదే లిపిలో, అదే రూపంలో తెలుగులో ఉంటుంది కాబట్టి అనువదించాల్సిన అవసరమే కనబడదు. ఈ శ్లోకంలోని ‘అధికారం’ అలాంటిదే. ఇవాళ్టి తెలుగులో అధికారమంటే పెత్తనం, పదవి, ఆఫీసరు చేతిలో ఉండేది. శాస్త్రగ్రంథాల్లో మాత్రం ఒక కర్మ చేయడానికి తగిన అర్హత, దానితోపాటు వచ్చే బాధ్యత అని అర్థం. యజ్ఞానికి ఎవరు అధికారి అని మీమాంసకులు చర్చించేది ఈ అర్థంలోనే. శంకరులు కూడా నీకు అధికారం కర్మలోనే, జ్ఞాననిష్ఠలో కాదు అని వ్యాఖ్యానించారు. ‘అధికారం’ అని యథాతథంగా ఉంచేస్తే పాఠకుడికి పెత్తనమే స్ఫురిస్తుంది. పదహారో అధ్యాయంలో ఆసుర గుణాల జాబితాలో వచ్చే ‘అభిమానం’ ఇంకా ప్రమాదం, ఎందుకంటే తెలుగులో అది ప్రేమకు దగ్గర మాట. అక్కడ దాని అర్థం గర్వం. తెలిసిన మాటే కదా అనిపించిన ప్రతి తత్సమాన్నీ సంస్కృత నిఘంటువులో ఒకసారి, తెలుగు శబ్దరత్నాకరంలో ఒకసారి చూడమని ఉత్తరం గట్టిగా చెబుతుంది.

అట్ట తీశాక చేయాల్సింది లెక్క చూసుకోవడం. కాగితం మీది ప్రతి సంస్కృత పదానికి తెలుగులో జత ఉందా, తెలుగులోని ప్రతి మాటకూ కాగితం మీద ఆధారం ఉందా అని రెండువైపుల నుంచీ చూడాలి. తెలుగువైపు నుంచే చూస్తే చేర్చినవి దొరుకుతాయి గానీ జారిపోయినవి దొరకవు. ‘పని చెయ్యి, ఫలితం ఆశించకు’ అన్న వాడుక అర్థాన్ని ఇలా చూస్తే కనీసం మూడు జారిపోయాయి. ‘ఎన్నడూ’ అన్న మాట పోయింది. ఫలాలు బహువచనంలో ఉంటే ఏకవచనమైంది. అన్నిటికన్నా పెద్ద నష్టం నాలుగో పాదం మొత్తం పోవడం. పని చేయకుండా ఉండటం మీద నీకు మోజు కలగవద్దు అని అది చెబుతోంది. యుద్ధం వదిలేసి పోతానంటున్న అర్జునుడికి అసలు సమాధానం అక్కడే ఉంది. అది లేని శ్లోకం, ఫలితం పట్టించుకోకుండా పనిని ఎలాగోలా కానిచ్చేయమన్నట్టు వినిపిస్తుంది. ఈ పాదంలో ‘సంగం’ అనాల్సినచోట ‘సంఘం’ అని అచ్చుతప్పు పడితే తాత్పర్యం ఆసరా లేని విద్యార్థి దారి తప్పుతాడు, కాబట్టి మూలాన్ని కూడా ఇంకో ప్రతితో పోల్చుకోవాలి. పదమూడో అధ్యాయంలో అయితే శ్లోక సంఖ్యలే మారతాయి. కొన్ని ప్రతుల్లో మొదట్లో అర్జునుడి ప్రశ్న ఒకటి అదనంగా ఉంటుంది, అక్కణ్ణుంచి ప్రతి అంకే ఒకటి ముందుకు జరుగుతుంది.

ఈ పద్ధతంతా వచన తాత్పర్యాలకే. పద్యానువాదంలో యతిప్రాసల కోసం చేరిన విశేషణాలను, గణాలు కుదరక వదిలిన అవ్యయాలను ఇదే కొలతతో తప్పులుగా లెక్కించడం అన్యాయం. అక్కడ వాక్యానికి వాక్యం అర్థం నిలిచిందా అన్నంతవరకే చూడాలి. కవిత్రయ భారతానికి ఆ కొలత కూడా పనికిరాదు. నన్నయ, తిక్కన, ఎర్రన కుదించారు, పెంచారు, కథనాన్ని తమ తీరులో నడిపారు. గీత మొత్తం తిక్కన భీష్మపర్వంలో కొన్ని పద్యాలకు కుదించుకుపోయింది. 47వ శ్లోకానికి అక్కడ జత వెతకమని ఉత్తరం మనవడికి చెప్పలేదు.