జాబితాకెక్కని సాక్షి

"ఎస్. రావు, పర్సనల్ కమ్యూనికేషన్, మార్చి 12, 2024." పరిశోధన వ్యాసాల్లో వాక్యం చివర బ్రాకెట్లలో ఇలాంటి ముక్క అప్పుడప్పుడు తగులుతుంది. పేరు నేను కల్పించిందే. చివరి పేజీల్లోని రిఫరెన్సుల జాబితా ఎంత గాలించినా ఈ రావుగారు దొరకరు. అది మరపు కాదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఏపీఏ శైలి అలాగే రాయమంటుంది. మన దగ్గర కూడా సైకాలజీ, ఎడ్యుకేషన్ థీసిస్‌లకు చాలామంది ఈ శైలినే వాడతారు.

ఆ చిన్న ముక్క పనితనం చూడండి. ఏపీఏలో మామూలుగా బ్రాకెట్లో ఇంటిపేరు, సంవత్సరం ఉంటే చాలు. మిగతా వివరమంతా జాబితాలో ఉంటుంది. ఇక్కడ జాబితాలో ఏమీ లేదు కాబట్టి వివరమంతా బ్రాకెట్టే మోయాలి. అందుకే ఇంటిపేరుకు ముందు పొడి అక్షరం చేరింది, సంవత్సరం పక్కన నెలా తేదీ వచ్చాయి. ఒకే మనిషితో ఒకే ఏడాది రెండుసార్లు మాట్లాడినా తేదీని బట్టి ఏ మాట ఎప్పటిదో తెలిసిపోతుంది. ఫోనా, ఉత్తరమా, ఈమెయిలా, ఎదురుగా కూర్చుని మాట్లాడారా అన్నది మాత్రం "పర్సనల్ కమ్యూనికేషన్" అన్న రెండు మాటల వెనకే ఉండిపోతుంది. పాఠకుడికి అది తెలియాలనుకుంటే వాక్యంలోనే చెప్పుకోవచ్చు.

జాబితాకు ఎందుకు ఎక్కనివ్వరు? ఏపీఏ దృష్టిలో ఆ జాబితా రచయిత చదివినవాటి చిట్టా కాదు, పాఠకుడు వెళ్లి తెచ్చుకోగలిగినవాటి చిట్టా. రావుగారితో మీ ఫోను సంభాషణను ఏ గ్రంథాలయమూ తెచ్చివ్వలేదు. మానవీయ శాస్త్రాల్లో ఎక్కువగా వాడే ఎంఎల్ఏ శైలి ఇలా అనుకోదు. రచయిత స్వయంగా చేసిన ఇంటర్వ్యూను కూడా తేదీతో సహా జాబితాలో చేర్చనిస్తుంది. రెండూ నిజాయితీగలవే. కాకపోతే పాఠకుడికి దొరకని చిరునామా ఇవ్వకపోవడమే నాకు ఎక్కువ మర్యాదగా తోస్తుంది.

పాఠకుడికి దొరుకుతుందా అన్న ఈ పరీక్ష ఎంత సున్నితంగా పనిచేస్తుందో క్లాసు పాఠం చెబుతుంది. ఎం.ఎడ్. చదివే ఒకమ్మాయి ప్రొఫెసర్ పాఠం వింటూ నోట్సు రాసుకుంది. ఆ నోట్సు ఆమె దగ్గరే ఉంది కనుక దాన్నించి తీసుకున్న మాట పర్సనల్ కమ్యూనికేషన్. అదే పాఠం స్లైడ్లు కాలేజీ లాగిన్ వెనక ఉన్నాయనుకుందాం. ఆమె రాసేది ఆ క్లాసు అసైన్‌మెంటే అయితే, దిద్దే ప్రొఫెసరుకు అవి అందుతాయి కనుక జాబితాలో చేర్చవచ్చు. ఆ అసైన్‌మెంటే రేపు పత్రికకు వెళితే, బయటి పాఠకుడికి ఆ లాగిన్ ఉండదు. స్లైడ్లు జాబితాలోంచి దిగి బ్రాకెట్లోకి వస్తాయి. వస్తువు మారలేదు, చదివేవాడు మారాడు. ఇంతకన్నా మంచి దారి ఇంకొకటుంది: ప్రొఫెసర్ చెప్పింది ఏ పుస్తకంలోదో అడిగి, దాన్నే చదివి, దాన్నే చూపడం. ఏపీఏ కోరేదీ అదే.

ఎక్కువమంది తడబడేది ఇంటర్వ్యూల దగ్గర. పత్రికలో అచ్చయిన ఇంటర్వ్యూ మామూలు వ్యాసంలాగే జాబితాలో చేరుతుంది. విషయం తెలుసుకోవడానికి ఒక నిపుణుడిని అడిగితే అది పర్సనల్ కమ్యూనికేషన్. కానీ మీ పరిశోధన కోసమే 20 మంది టీచర్లను ఇంటర్వ్యూ చేస్తే? అవి ఈ రెండిట్లోనూ పడవు. ఆ మాటలు మీ పరిశోధన సేకరించిన డేటా. వాటికి జాబితా లేదు, బ్రాకెట్లో పేరూ లేదు. ఉల్లేఖిస్తే మారుపేరుతోనో, "ఒక టీచరు" అనో చెబుతారు. పేరు బయటపెట్టబోమని మాటిచ్చి, మాట్లాడినవారిని పేరు, తేదీలతో పర్సనల్ కమ్యూనికేషన్‌గా చూపితే ఇచ్చిన మాట తప్పినట్టే. థీసిస్ దిద్దేవారు ముందు చూడవలసిన తప్పు ఇదే.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ, ఐసీఎంజేఈ, ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ఆ సమాచారం బయట ఎక్కడా దొరక్క, తప్పనిసరైతేనే పర్సనల్ కమ్యూనికేషన్ వాడమంటుంది. పైగా చెప్పిన వ్యక్తి నుంచి రాతపూర్వక అనుమతి, మాట సరిగ్గా ఉందన్న ధ్రువీకరణ తీసుకోమంటుంది. "ఫలానా పెద్దాయన నాతో అన్నారు" అంటూ గాలి మాటలకు బరువు కట్టే అలవాటుకు ఇది మంచి కళ్లెం.

ఈ నియమానికి ఒక లోటూ ఉంది. జ్ఞానమంతా నోటిమాటలోనే ఉన్నవారు జాబితాకు ఎప్పటికీ ఎక్కరు. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో కూర్పు ఆదివాసుల మౌఖిక సంప్రదాయానికి కొంత చోటిచ్చింది: చెప్పినవారి పూర్తి పేరు, వారి సమూహం, నివాసం రాయమంది. అయినా అదీ బ్రాకెట్లోనే. జానపద కళాకారుల దగ్గర రికార్డింగులు చేసుకునే మన పరిశోధకులు, వాళ్లు ఒప్పుకుంటే, వాటిని ఏదైనా గ్రంథాలయంలోనో ఆర్కైవులోనో జమ చేయాలి. అప్పుడు ఆ కళాకారుల పేరు జాబితాలోనే చేరుతుంది.